ఏది రాదో చెప్పే ఉత్తరం

“కొత్త టూల్ సరిగా అర్థం కావడం లేదు. దయచేసి శిక్షణ ఇప్పించగలరు.”

ఆఫీసులో పనులు నడిపే సాఫ్ట్‌వేర్ మారిన నెల రోజుల్లో ఇలాంటి రెండు వాక్యాల ఉత్తరం ఎవరో ఒకరు మేనేజర్‌కు పంపుతారు. అందులో అబద్ధమూ లేదు, అమర్యాదా లేదు. కాకపోతే దాన్ని చదివిన మేనేజర్‌కు ఒక్క దారే కనిపిస్తుంది. శిక్షణ విభాగానికి ఫార్వర్డ్ చేస్తారు. వాళ్లు ఒక మధ్యాహ్నం టీమ్ మొత్తాన్ని కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చోబెట్టి, టికెట్ ఎలా తెరవాలో, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి ఎలా జరపాలో తెర మీద చూపిస్తారు. అవి అప్పటికే అందరికీ వచ్చు. ఉత్తరం రాసిన మనిషి మర్నాడు మళ్లీ అదే చోట ఆగిపోతారు. ఎక్కడ ఆగిపోతున్నారో ఉత్తరంలో లేదు కాబట్టి శిక్షణ ఇచ్చినవాళ్లకూ తెలియలేదు.

పనికొచ్చే ఉత్తరం ఎలా తయారవుతుందో చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక తయారీ సంస్థ ఆఫీసు. అందులో సరఫరాదారుల బిల్లులు చూసే విభాగం. అక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఒక ఉద్యోగిని. నిన్నమొన్నటి దాకా ఆమె పనంతా ఒక ఎక్సెల్ షీటులో ఉండేది. పసుపు రంగు వేస్తే బిల్లు ఇంకా పెండింగులో ఉన్నట్టు, ఆకుపచ్చ వేస్తే డబ్బు వెళ్లినట్టు. కొనుగోళ్ల విభాగంతో ఏదైనా తేల్చుకోవాలంటే ఒక మెయిలో, ఒక ఫోనో సరిపోయేది. ఇప్పుడు సంస్థ జిరాకు మారింది. ప్రతి బిల్లూ ఒక టికెట్. ప్రతి టికెట్‌కూ ఒక నంబరు, ఒక బాధ్యుడు, ఒక గడువు తేదీ, ఒక దశ.

జిరాను ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ 2002లో తెచ్చింది. సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను నమోదు చేసుకుని, ఏది ఎవరు సరిచేస్తున్నారో గమనించడానికి ప్రోగ్రామర్ల కోసం చేసిన సాధనం అది. తర్వాత లెక్కల విభాగాలకూ, హెచ్‌ఆర్‌కూ, మార్కెటింగ్‌కూ పాకింది. అందుకే లెక్కలు చూసేవాళ్లకు అందులోని చాలా మాటలు, చాలా ఖాళీ గడులు తమ కోసం పెట్టినవి కావనిపిస్తుంది. ఆ అనుమానం కొంతవరకు నిజమే. ఆ గడుల్లో వాళ్లకు అక్కర్లేనివి చాలానే ఉన్నాయి. ఏవి కావాలో తేల్చుకోవడమే మొదటి పని. ఉత్తరం రాయడం ఆ తర్వాతి పని.

మన ఉద్యోగిని ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు నోటుపుస్తకం పక్కన పెట్టుకుంది. చేయి ఆగిన ప్రతిసారీ మూడు సంగతులు రాసుకుంది: ఏం చేయబోయాను, ఎక్కడ ఆగాను, ఆగిపోయాక పని ఎలా గట్టెక్కించాను. మూడోదాన్ని చాలామంది రాసుకోరు. అసలు విషయం దొరికేది అక్కడే. ఉదాహరణకు ఆమె మంగళవారం ఇలా రాసుకుంది: “ఈ వారం గడువు తీరే చిన్న పరిశ్రమల బిల్లులు కావాలి. జిరాలో ఆ జాబితా తీయడం రాలేదు. పాత ఎక్సెల్‌లో మళ్లీ ఎక్కించుకుని చూశాను.” అంటే కొత్త టూల్ వచ్చాక కూడా పాత షీటు చాటుగా బతికే ఉంది. రెండు చోట్లా ఒకే పని జరుగుతోంది. ఒకచోట దిద్దింది ఇంకోచోటికి వెళ్లకపోతే తప్పు ఎక్కడ దొర్లిందో కూడా తెలియదు. మేనేజర్‌కు తెలియాల్సిన సంగతి ఇది. “అర్థం కావడం లేదు” అన్న మాటలో ఇది వినిపించదు.

వారం తిరిగేసరికి పుస్తకంలో తొమ్మిది పద్దులయ్యాయి. తొమ్మిదింటినీ ఉత్తరంలోకి ఎక్కించి ఉంటే అది ఫిర్యాదుల చిట్టాలా కనిపించేది. అంతకంటే పెద్ద చిక్కు, వాటిలో సగానికి పైగా శిక్షణతో తీరేవి కావు.

ఈ తేడాను గట్టిగా పట్టుకున్నవాళ్లు రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అనే అమెరికన్లు. పని అనుకున్నట్టు జరగనప్పుడు కారణమేమిటో ఎలా వెతకాలన్న విషయం మీద 1970లో వాళ్లు ఒక పుస్తకం తెచ్చారు. శిక్షణ రంగంలో దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. వాళ్ల వాదన సారాంశం ఇది: పని కాలేదంటే మనిషికి రాకపోవడమే కారణమని ముందే అనుకోకూడదు. తప్పనిసరి అయితే ఆ మనిషి ఆ పని చేయగలడా అని ముందు అడగాలి. చేయగలిగితే లోటు నైపుణ్యంలో లేదు. అడ్డం వేరే చోట ఉంది, దాన్ని తీయాలి. అక్కడ ఎంత శిక్షణ ఇచ్చినా దండగే.

ఆమె తన తొమ్మిది పద్దులనూ ఈ ప్రశ్న ముందు పెట్టింది. రెండు అక్కడికక్కడే తేలిపోయాయి. పక్క సీటులోని అమ్మాయిని అడిగితే రెండు నిమిషాల్లో చూపించింది. మిగిలిన ఏడూ మూడు రకాలుగా విడిపోయాయి.

మొదటి రకం, తెరలో అసలు దారే లేనివి. నెలాఖరున నలభై టికెట్ల గడువు తేదీని ఒకేసారి మార్చాల్సి వచ్చింది. జిరాలో అందుకు Bulk change అనే సదుపాయం ఉంది. సహాయ పేజీలో చెప్పిన చోట ఎంత వెతికినా ఆమెకు అది కనిపించలేదు. నలభై టికెట్లనూ ఒక్కొక్కటిగా తెరిచి మార్చింది. తనకే రాలేదనుకుంది. అసలు సంగతేమిటంటే, మూకుమ్మడిగా మార్చడానికి జిరాలో విడిగా ఒక అనుమతి ఉంటుంది. అది లేనివాళ్లకు ఆ మీట తెర మీదికే రాదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. అదే పని చేసే సహోద్యోగి తెరను తన తెర పక్కన పెట్టి చూడాలి. అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోతే లోటు మనిషిలో లేదు, అనుమతిలో ఉంది.

ఇంకొకటి మరీ ఇబ్బంది పెట్టింది. డబ్బు వెళ్లిపోయిన బిల్లుల టికెట్లను ఆమె Done గడిలోకి జరిపేసింది. బోర్డు మీద అవి అక్కడే ఉన్నాయి. కానీ ఆమె తెరిచి ఉన్న పనుల జాబితా చూసుకుంటే అవే టికెట్లు మళ్లీ ప్రత్యక్షం. పూర్తయిన పని పూర్తి కాలేదని టూల్ చెబుతుంటే, తానేదో మీట నొక్కడం మరిచిపోతున్నానని ఎవరికైనా అనిపిస్తుంది. జిరాలో టికెట్ ఏ దశలో ఉందన్నది ఒక సంగతి, అది తేలిపోయిందా లేదా అన్నది ఇంకో సంగతి. రెండోదాన్ని Resolution అనే గడి చెబుతుంది. టికెట్ Done లోకి వెళ్లేటప్పుడు ఆ గడి కూడా నిండేలా అడ్మిన్ ముందే అమర్చాలి. అలా అమర్చకపోతే ఆ గడి Unresolved గానే మిగిలిపోతుంది. తేలని పనులను వెతికే ప్రతి జాబితాలోనూ ఆ టికెట్ వచ్చి కూర్చుంటుంది. దీనికీ ఒక గుర్తు ఉంది. తేలిపోయిన టికెట్ నంబరు మీద అడ్డగీత పడుతుంది. Done లో ఉన్నా నంబరు మీద గీత లేదంటే అమరికలోనే లోపముంది. ఇది అడ్మిన్ సరిచేయాల్సిన పని. దీనికోసం ఆమెను తరగతిలో కూర్చోబెడితే, లేని లోటును తనలో వెతుక్కుంటూ ఉంటుంది.

రెండో రకం, టీమ్ తేల్చుకోనివి. కొనుగోళ్ల విభాగం నుంచి ఆమోదం రాని బిల్లును ముగ్గురు మూడు చోట్ల పెడుతున్నారు. ఒకరు In Progress లో, ఒకరు Waiting లో, ఇంకొకరు వెనక్కి To Do లో. ముగ్గురికీ టూల్ వచ్చు. రానిది ఒప్పందం. ఇంతకంటే బరువైనది గడువు తేదీ సంగతి. Due date గడిలో ఏ తేదీ వేయాలి? బిల్లు మీది తేదీ నుంచి లెక్కపెట్టిందా, సరుకు అందుకుని అంగీకరించిన తేదీ నుంచి లెక్కపెట్టిందా?

ఇక్కడ చట్టం ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే దాని ప్రకారం, అదీ 45 రోజులకు మించకుండా డబ్బు కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఇది 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం మాట. రోజుల లెక్క సరుకును అంగీకరించిన రోజుతో ముడిపడి ఉంటుంది. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2023 ఫైనాన్స్ చట్టం దీనికి ఇంకో మెలిక కలిపింది. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆదాయపు పన్ను లెక్కల్లో చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపాలి. మార్చి నెలాఖరున ఒక బిల్లు కళ్లు గప్పి జారిపోతే ఆ సంస్థకు వడ్డీతో పాటు పన్ను లెక్క కూడా మారుతుంది. ఇంత బరువున్న తేదీ ఏ లెక్కన వేయాలో శిక్షకుడు చెప్పలేడు. మేనేజరే తేల్చాలి.

ఇలా రెండు అనుమతి, అమరికల వైపూ, రెండు టీమ్ నిర్ణయాల వైపూ వెళ్లిపోయాయి. చివరికి మూడు మిగిలాయి. ఆ మూడూ నిజంగా ఆమెకు రానివి. ఉత్తరంలో శిక్షణ కోసం అడగాల్సినవి అవే.

వాటిలో మొదటిది, గడువు దగ్గరపడిన చిన్న పరిశ్రమల బిల్లులను జాబితాగా తీయడం. ఎక్సెల్‌లో ఆమె ఇది ఫిల్టర్ పెట్టి చిటికెలో చేసేది. జిరాలో వెతుకులాటకు ఒక చిన్న భాష ఉంది, దాన్ని జేక్యూఎల్ అంటారు. ఆమెకు కావలసిన వాక్యం ఇలా ఉంటుంది:

```
project = VP AND labels = msme
AND statusCategory != Done
AND due <= 7d
ORDER BY due ASC
```

VP అనేది వాళ్ల ప్రాజెక్టుకు పెట్టుకున్న పొట్టిపేరు. చిన్న పరిశ్రమల బిల్లులకు msme అనే గుర్తు తగిలించారు. పూర్తికానివి, వచ్చే ఏడు రోజుల్లో గడువు తీరేవి, ఇప్పటికే తీరిపోయినవి, ముందు గడువున్నది ముందు వచ్చేలా చూపించమని దీని అర్థం. నకలు తీసి అతికించుకుంటే ఎవరికైనా పనిచేస్తుంది. మరి ఇందులో శిక్షణ ఎందుకు?

ఈ వాక్యం ఏ బిల్లులను వదిలేస్తుందో తెలియడానికి. గడువు తేదీ గడి ఖాళీగా వదిలేసిన టికెట్ ఒకటి ఉందనుకుందాం. తేదీయే లేదు కాబట్టి అది “ఏడు రోజుల్లోపు” అన్న షరతుకు తగలదు. జాబితాలోకి రాదు. తెర మీద ఏ హెచ్చరికా ఉండదు, జాబితా చక్కగా, నిండుగా కనిపిస్తుంది. ఎక్కువ ప్రమాదం ఉన్న బిల్లే అందులో ఉండదు. మూడో వరుసను ఇలా మారిస్తే అదీ బయటపడుతుంది:

```
AND (due <= 7d OR due IS EMPTY)
```

ఖాళీ గడులు ఇలా చల్లగా జారిపోవడం జేక్యూఎల్‌లో ఇంకా చాలా చోట్ల జరుగుతుంది. “నా పేరు మీద లేనివి చూపించు” అని `assignee != currentUser()` రాస్తే, ఎవరి పేరూ లేని టికెట్లు అందులో రావు. ఎవరి చేతిలోనూ లేని పని కోసం వెతికేవాళ్లకు సరిగ్గా ఆ పనే కనిపించదు. ఇలాంటివి చదివి నేర్చుకోవడం కష్టం. తెలిసినవాళ్లు పక్కన కూర్చుని, సొంత టికెట్ల మీదే ఒకసారి తప్పు చేయించి చూపిస్తే మాత్రం మరిచిపోరు. అందుకే ఆమె ఉత్తరంలో “జేక్యూఎల్ నేర్పించండి” అని రాయలేదు. ఏ జాబితా కావాలో, అందులోంచి ఏ బిల్లూ జారిపోలేదని ఎలా నిర్ధారించుకోవాలో నేర్పించమంది.

రెండోది చిన్నదిగా కనిపిస్తుంది. కొనుగోళ్ల విభాగంలోని మనిషికి టికెట్‌లోనే సందేశం పెట్టడం. ఆమె కామెంటులో అతని పేరు టైపు చేసి “దయచేసి ఆమోదించండి” అని రాస్తోంది. రెండు రోజులు చూసి జవాబు లేక ఫోన్ చేస్తోంది. అతనేమో నాకేమీ రాలేదంటున్నాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. మామూలు అమరికలో కామెంటు సమాచారం ఆ టికెట్ బాధ్యుడికీ, తెరిచినవాళ్లకూ, దాన్ని గమనిస్తున్నట్టు పేరు నమోదైనవాళ్లకూ వెళ్తుంది. అతను ఆ ముగ్గురిలో లేడు. పేరు ముందు @ గుర్తు పెట్టి, కింద తెరుచుకునే జాబితాలోంచి అతన్ని ఎంచుకుంటేనే కబురు చేరుతుంది. ఊరికే టైపు చేసిన పేరు అక్షరాలుగానే మిగిలిపోతుంది.

మూడోది తనకు రాదని ఆమెకే తెలియని లోటు. సరఫరాదారు ఖాతా సరిచూసే పనికి ఒక రోజు పడుతుందని అంచనా వేసి, రోజంటే 24 గంటలు కదా అని `24h` అని రాసింది. జిరా మామూలుగా రోజుకు 8 పని గంటలు, వారానికి 5 రోజులు లెక్కిస్తుంది. ఆమె రాసిన ఒక రోజు మేనేజర్ తెర మీద `3d`గా, అంటే మూడు పనిదినాలుగా కనిపించింది. ఆయన దాన్ని చూసి ఆ వారం ఆమెకు ఇంకే పనీ ఇవ్వలేదు. పని ఇవ్వడం లేదేమని ఆమె నొచ్చుకుంది. ఒకరోజు మాటల్లో ఈ సంగతి బయటపడ్డాకే అది నోటుపుస్తకంలోకి వచ్చింది. ఇలాంటి లోటును ఎవరూ తమంతట తాము జాబితాలో రాయలేరు. అందుకని ఆమె తన ఉత్తరం చివర ఇంకొకటి అడిగింది. ఎవరైనా అరగంట పాటు తన పక్కన కూర్చుని, తను పని చేస్తుంటే చూడాలని.

ఆఫీసుల్లో ఇలాంటి ఉత్తరం మామూలుగా ఇంగ్లీషు మెయిల్‌గా వెళ్తుంది. తెలుగులో రాస్తే దాని నడక ఇలా ఉంటుంది:

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

విషయం: జిరాలో మూడు పనులపై శిక్షణ కోసం

మన విభాగం జిరాకు మారాక నేను టికెట్లు తెరవడం, దశ మార్చడం, బిల్లు జతచేయడం సొంతంగా చేసుకోగలుగుతున్నాను. కింది మూడు పనులు మాత్రం ఇంకా రావడం లేదు. ఒక వారం పాటు గమనించి రాసుకున్నవి ఇవి.

మొదటిది, వారంలో గడువు తీరే చిన్న పరిశ్రమల బిల్లుల జాబితా తీయడం. ఇప్పుడు దీన్ని పాత ఎక్సెల్ షీటులో చూసుకుంటున్నాను. అంటే ప్రతి బిల్లునూ రెండు చోట్ల నమోదు చేస్తున్నాను. ఒకచోట వేసి ఇంకోచోట మరిచిపోతే 45 రోజుల గడువు దాటే ప్రమాదముంది. జాబితా తీయడంతో పాటు, తేదీ వేయని బిల్లులు కూడా అందులో వస్తున్నాయో లేదో చూసుకోవడం నేర్చుకోవాలి.

రెండోది, ఇతర విభాగాలవారికి టికెట్‌లోంచే కబురు చేరవేయడం. నా కామెంట్లు వారికి అందడం లేదు. ఆమోదం కోసం ఫోన్ చేయాల్సి వస్తోంది. ఆ మాటలకు టికెట్‌లో ఆధారం మిగలడం లేదు.

మూడోది, పని సమయం అంచనా వేయడం, గడిచిన సమయం నమోదు చేయడం. నేను రాసిన అంకెలు మీకు వేరే అర్థంలో కనిపిస్తున్నాయని ఈ మధ్యే తెలిసింది.

వీటికి 45 నిమిషాల చొప్పున రెండు సార్లు చాలనుకుంటున్నాను. మన బోర్డు బాగా తెలిసిన ఐటీ విభాగం సహోద్యోగి ఎవరైనా మన సొంత టికెట్ల మీదే చూపిస్తే బాగుంటుంది. మామూలుగా నెలలో 7వ తేదీలోగా టీడీఎస్ కట్టే పని ఉంటుంది కాబట్టి 10 నుంచి 20 మధ్య ఏ రోజైనా నాకు వీలే. ఆ తర్వాత ఒక అరగంట వారు నా పక్కన కూర్చుని నా పని గమనిస్తే, నాకు తెలియని లోట్లు కూడా బయటపడతాయి.

శిక్షణతో సంబంధం లేని నాలుగు విషయాలు వేరే మెయిల్‌లో పంపుతున్నాను. రెండు అడ్మిన్ చూడవలసినవి, రెండు మీరు నిర్ణయించవలసినవి.

ధన్యవాదాలతో.

ఈ ఉత్తరం వచ్చిన పనులతో మొదలవుతుంది. అది గొప్ప చెప్పుకోవడానికి కాదు. శిక్షణ ఇచ్చే మనిషి ఎక్కడ మొదలుపెట్టాలో దానివల్ల తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యంతోనే టికెట్ ఎలా తెరవాలో చూపించే మొదటి గంట మిగిలిపోతుంది. క్షమాపణలు ఎక్కడా లేవు. “నేను కొంచెం నెమ్మది”, “వయసు మీద పడింది” లాంటి మాటలు మేనేజర్ చూపును పని మీది నుంచి మనిషి మీదికి తిప్పుతాయి, ఓదార్పు తప్ప వాటికి జవాబు ఉండదు. టూల్ బాగాలేదన్న మాట కూడా లేదు. దాన్ని కొన్నది ఆ మేనేజర్ కాకపోవచ్చు. కొన్నది తనే అయితే సమర్థించుకోవడంలో పడి అడిగింది మరిచిపోతారు.

ప్రతి లోటుకూ పక్కనే ప్రస్తుతం జరుగుతున్నదేమిటో ఉంది. ఎక్సెల్‌లో రెండోసారి నమోదు, ఆధారం మిగలని ఫోన్లు, తప్పుగా కనిపించే అంకెలు. శిక్షణకు సమయం కేటాయించాలంటే మేనేజర్ తన పైవాళ్లకు ఒక కారణం చూపాలి. ఉత్తరంలోని ఆ వాక్యాలను ఆయన యథాతథంగా పైకి పంపగలరు. ఎవరు నేర్పాలి, ఎంతసేపు, ఏ తేదీల మధ్య అన్నవి కూడా ఉన్నాయి కాబట్టి జవాబు ఇవ్వడానికి ఆయన మళ్లీ ప్రశ్నలు వేయనక్కర్లేదు.

సొంత టికెట్ల మీదే నేర్పమనడంలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకూడదు. నడుస్తున్న బిల్లుల మీద ప్రయోగాలు చేస్తే నిజమైన తేదీలు మారిపోవచ్చు, అక్కర్లేని మెయిళ్లు సరఫరా చూసేవాళ్లందరికీ వెళ్లిపోవచ్చు. వెతకడం నేర్చుకునేటప్పుడు ఆ భయం లేదు, జేక్యూఎల్ దేన్నీ మార్చదు, చూపిస్తుంది అంతే. కామెంట్లు, సమయం అంచనాలు నేర్చుకునేందుకు మాత్రం అడ్మిన్ ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు తెరిచి, పది నకలు టికెట్లు పెట్టి ఇస్తే మేలు. ఉత్తరం రాసేవాళ్లు దీన్ని ముందే అడిగితే శిక్షణ రోజున సగం సమయం అనుమతుల కోసం ఎదురుచూడటంలో పోదు.

అన్నీ దొరకవు. ఐటీ విభాగంలో మనిషి ఖాళీగా లేరని, ఒకే ఒక్క 45 నిమిషాలు ఇవ్వగలమని జవాబు రావచ్చు. అప్పుడు మూడింటిలో ఏది ముందన్నది రాసినవాళ్లే చెప్పగలగాలి. మన ఉద్యోగినికి అది జాబితా తీయడమే. చట్టపు గడువు దానితో ముడిపడి ఉంది, పైగా తప్పు జరిగినా తెర మీద కనిపించనిది అదొక్కటే. కబురు చేరవేయడం పక్క సీటు అమ్మాయి దగ్గర కూడా నేర్చుకోవచ్చు. సమయం అంచనాలకు ఒక్క వాక్యం చాలు: రోజుకు ఎనిమిది గంటలు, ఒక రోజు పడితే `1d` అని రాయాలి. టూల్ ప్రాథమిక విషయాల మీద అట్లాసియన్ సొంతంగా ఉచిత ఆన్‌లైన్ పాఠాలు ఇస్తోంది. వాటిలో జిరా ఎలా పనిచేస్తుందో ఉంటుంది. తమ ఆఫీసు బోర్డు మీద msme గుర్తు ఎవరు తగిలించాలో, మరిచిపోతే ఎవరు చూసుకోవాలో ఉండదు.

శిక్షణ జరిగాక అది పనిచేసిందో లేదో తేల్చడానికీ ఈ ఉత్తరమే కొలత. శిక్షణ ముగిసిన రోజున “బాగుందా?” అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. రెండు వారాలాగి చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాత ఎక్సెల్ షీటును చివరిసారి ఎప్పుడు తెరిచారు? కొనుగోళ్ల విభాగం ఆమోదాలు టికెట్‌లోనే వస్తున్నాయా? తేదీ లేని బిల్లు ఒకటి కావాలని పెట్టి చూస్తే ఆమె ఉదయం జాబితాలో అది కనిపిస్తోందా? జాబితాను ఒకసారి సరిగ్గా రాసి ఫిల్టర్‌గా భద్రపరిచి, దానికి సబ్‌స్క్రిప్షన్ పెట్టుకుంటే, జిరా దాన్ని ప్రతి ఉదయం మెయిల్‌లో పంపుతుంది. ఆ మెయిల్ అందుతుంటే, అందులో తేదీ లేని బిల్లు కూడా ఉంటే, మొదటి పద్దు కొట్టేయవచ్చు.

రెండో మెయిల్‌లో వెళ్లిన నాలుగింటిలో అడ్మిన్ పనులు రెండూ త్వరగా తేలేవే. అనుమతి ఇవ్వడం నిమిషాల పని, Resolution నిండేలా అమరిక మార్చడం కాస్త పెద్దది. అమరిక మార్చాక కొత్త టికెట్లు బాగుంటాయి గానీ, అప్పటికే Done లో గీత పడకుండా ఉన్నవి తమంతట తాము మారవు, వాటిని విడిగా సరిచేయాలి. నిర్ణయాల్లో Waiting గడి సంగతి ఒక మీటింగులో తేలిపోతుంది. గడువు తేదీ ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నదానికి మాత్రం మేనేజర్ ఒక్కరి మాట సరిపోదు. సరుకు అంగీకరించిన తేదీ లెక్కల విభాగం దగ్గర ఉండదు, గోదాము రిజిస్టర్‌లో ఉంటుంది. అది టికెట్‌లోకి ఎవరు ఎక్కించాలో రెండు విభాగాలూ కూర్చుని తేల్చేదాకా, ఎంత బాగా రాసిన ఫిల్టరైనా ఆ గడిలో ఏ తేదీ ఉంటే దాన్నే నమ్ముతుంది.